వ్యాను పరుగుకు చెదిరిందా, ఎవరైనా పూశారా? వీడియో ఫ్రేములో బ్లర్ తేల్చుకోవడం

కొర్లగుంట_గేటు | శనివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. శుక్రవారం పొద్దున ఏడున్నరకి ఒక తెల్ల వ్యాను మా అపార్ట్‌మెంట్ గేటును గుద్ది ఆగకుండా పోయింది. ఎదురు కొట్టు కెమెరాలో అది పడింది. ఆ వీడియోలోంచి తీశామని ఒక స్టిల్ మా గ్రూపులో పెట్టారు. వ్యాను ఎడమ నుంచి కుడికి అడ్డంగా పోతోంది కాబట్టి నంబరు ప్లేటు కనబడే కోణం కాదు. పక్క రేకు మీద ఏదో పేరు రాసుంది, కానీ ఆ చోటంతా బూడిదరంగు మసక. "బండి స్పీడుకి అక్షరాలు చెదిరిపోయాయి" అంటున్నారు. అదే వ్యానుకి తలుపు పిడి, అద్దం చట్రం మాత్రం అంతగా చెదరలేదు. ఇది నిజంగా కదలిక వల్ల వచ్చిన బ్లరా, లేక పేరు కనబడకుండా తర్వాత పెట్టిందా? తేల్చే పద్ధతి ఉంటే చెప్పండి.

---

చిత్తూరు_మామిడి | ఉదయం 9:40

సులువే. బాగా జూమ్ చేసి గ్రెయిన్, అంటే బొమ్మంతా చల్లినట్టుండే సన్న చుక్కలు, చూడండి. కదలిక బ్లర్ లెన్సు నుంచి సెన్సర్‌కి వచ్చే వెలుతురులోనే జరుగుతుంది, గ్రెయిన్ ఆ తర్వాత సెన్సర్ దగ్గర పుడుతుంది. కాబట్టి అసలు బ్లర్ మీద గ్రెయిన్ పదునుగానే ఉంటుంది. తర్వాత పూసిన బ్లర్ అయితే గ్రెయిన్ కూడా అలికేసినట్టు నున్నగా అయిపోతుంది. మసక చోట నున్నగా ఉంటే దొంగతనం, అంతే. ఇంకా అనుమానం ఉంటే ఈఎల్ఏ, అంటే బొమ్మని మళ్లీ కుదించి ఏ చోటు ఎంత మారిందో చూపే పరీక్ష, వేసి చూడండి, ఎడిట్ చేసిన చోటు వేరే రంగులో కనబడుతుంది.

---

పీలేరు_పిట్ట | ఉదయం 9:58

అన్నా, మా బండి పోయినప్పటి వీడియో కూడా ఇట్లే మసకగా ఉంది. బ్లర్ తీసేసి నంబరు కనబడేట్టు చేసే యాప్ ఏదైనా ఉంటే పేరు చెప్పండి, పుణ్యముంటుంది.

---

ఫ్రేమ్_గుమాస్తా | ఉదయం 10:35

పీలేరు తమ్ముడూ, ఇక్కడ అడిగింది బ్లర్ తీయడం గురించి కాదు, అది ఎక్కడినుంచి వచ్చిందని. నీ ప్రశ్నకి వేరే చర్చ పెట్టు, చూస్తాను. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెబుతున్నా. పదును పెంచే యాప్‌లు లేని గీతలు పుట్టిస్తాయి. వాటిలో చదివిన నంబరు పట్టుకుని ఎవరి మీదా మాట అనొద్దు.

మామిడిగారు చెప్పిన గ్రెయిన్ మాటలో కారణం నిజమే. కెమెరాలోంచి నేరుగా తీసిన, కుదించని బొమ్మకయితే అది మంచి పరీక్ష. ఇక్కడున్నది డీవీఆర్‌లో ఒకసారి, వాట్సాప్‌లో మరోసారి కుదించిన స్టిల్. రికార్డరు వీడియోని కుదించేటప్పుడు కదిలే వస్తువుల మీద సన్న వివరాన్ని ముందుగా వదిలేస్తుంది, గ్రెయిన్ అక్కడే పోతుంది. అంటే నిజంగా కదిలిన చోటు కూడా నున్నగానే కనబడుతుంది. వ్యాను రేకుని రోడ్డుతో పోల్చి "ఇక్కడ గ్రెయిన్ లేదు" అంటే వ్యానంతా దొంగదే అని తేలుతుంది. పోల్చాలంటే అదే వేగంతో పోతున్న మరో చోటుతో పోల్చాలి. ఈఎల్ఏ కథా అంతే. వివరం తక్కువున్న చోటు అందులో నల్లగా వస్తుంది. అది పూసినందుకా, సాదా రేకు అయినందుకా అని అది చెప్పదు.

కొర్లగుంటగారూ, స్టిల్ ఒక్కటే ఉన్నా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. వ్యాను గట్టి వస్తువు. తలుపు పిడి, అక్షరాలు, వెనక చక్రం ఇరుసు, అన్నీ ఒకే దిక్కుగా ఒకే వేగంతో పోతున్నాయి. షట్టర్ తెరిచి ఉన్న సమయం కూడా అన్నిటికీ ఒకటే. కాబట్టి పిడి ఎన్ని పిక్సెళ్లు చెదిరిందో అక్షరాలూ సుమారు అన్నే చెదరాలి, అదీ అడ్డంగా మాత్రమే. అడ్డంగా పోయే బండి మీద నిలువు గీతలు కరుగుతాయి, అడ్డగీతలు కరగవు. గీత తన మీదే తాను జారుతుంది కాబట్టి దాని పై అంచు, కింది అంచు కత్తిరించినట్టే ఉంటాయి.

అక్షరాల వరస పై అంచు ఎలా ఉందో చూడండి. వ్యాను పొడుగునా రబ్బరు పట్టీ గానీ రంగు చార గానీ పోతుంటే, అది మసక చోటులోంచి పోయేటప్పుడు ఏమవుతోందో చూసి చెప్పండి.

---

కొర్లగుంట_గేటు | ఉదయం 11:20

చూశాను సార్. నల్ల రబ్బరు పట్టీ ఒకటి వ్యాను పొడవునా ఉంది, అక్షరాలకు కొంచెం కింద. ముందు తలుపు మీద స్పష్టంగా ఉంది. మసక మొదలయ్యే చోట పలచబడి, మధ్యలో కనబడకుండా పోయి, వెనక చక్రం దగ్గర మళ్లీ స్పష్టంగా వచ్చింది. అక్షరాల పై అంచు అంటూ ఏమీ లేదు, అన్నివైపులా ఒకేలా కరిగిపోయింది.

---

ఫ్రేమ్_గుమాస్తా | ఉదయం 11:31

అడ్డంగా పోయే బండి మీద అడ్డంగా ఉన్న పట్టీ నడుమ మాత్రమే మాయమవడం కదలికతో జరగదు. అక్కడ బురద గానీ మరకేదైనా గానీ ఉంటే తప్ప. ఆ ఒక్క అనుమానం తీరాలంటే వీడియో కావాలి. దొరుకుతుందా? దొరికితే వాట్సాప్‌లో వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, ఇంకోసారి కుదించకుండా వస్తుంది.

---

అలిపిరి_మెట్లు | మధ్యాహ్నం 12:05

నేను కెమెరాలు బిగించే పని చేస్తా సామీ. రెండు అనుమానాలు చెప్తా. ఒకటి, డీవీఆర్‌లోనే ప్రైవసీ మాస్క్ పెట్టుంటారు కొన్ని చోట్ల, ఎదురింటి కిటికీ కనపడకుండా. అది కొందరికి ఎడిట్ మాదిరి కనపడతాది. రెండోది, వెలుతురు తక్కువైతే కొన్ని కెమెరాలు షట్టర్‌ని బాగా సాగదీస్తాయి. అప్పుడు బండ్లు చానా పొడుగ్గా చెదురుతాయి. ఈ రెండూ కాదని తేల్చుకున్నాకే ఎవరినైనా అడగండి. కొట్టాయన మంచోడే అయ్యుండచ్చు గదా.

---

ఫ్రేమ్_గుమాస్తా | మధ్యాహ్నం 12:20

రెండూ అడగాల్సిన ప్రశ్నలే, అలిపిరి అన్నా. మాస్క్ బొమ్మలో ఒక చోట కదలకుండా ఉంటుంది, వ్యానుతో కలిసి నడవదు. ఒక ఫ్రేముకి ఇచ్చిన సమయం కన్నా ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచే కెమెరా అయితే, కొత్త బొమ్మ తయారయ్యేదాకా పాతదాన్నే మళ్లీ మళ్లీ పంపుతుంది. బండి రెండు మూడు ఫ్రేములు కదలకుండా నిలబడి ఒక్కసారిగా గెంతుతుంది. వీడియో వస్తే రెండూ ఐదు నిమిషాల్లో తేలతాయి.

---

కలంకారి_కలం | మధ్యాహ్నం 1:15

శ్రీకాళహస్తి నుంచి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. తలంబ్రాలు పోసే ఫ్రేము స్టిల్‌గా తీస్తే పెళ్లికూతురి చెయ్యి రెండుగా కనబడుతోంది, రెండూ సగం సగం పారదర్శకంగా. చారలా సాగలేదు. ఎవరో ఎడిట్ చేసి పాడుచేశారని వాళ్ల ఇంటివాళ్లు అంటున్నారు. ఇది కూడా పూసిన బ్లరేనా?

---

ఫ్రేమ్_గుమాస్తా | మధ్యాహ్నం 1:40

కాదక్కా. అది రెండు ఫ్రేములు కలిసిపోయిన బొమ్మ. మీ దగ్గర 25 ఫ్రేముల్లో తీసిన ముక్కని 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పడేసుంటారు. ప్రతి 5 ఫ్రేములకి 6 కావాలి కాబట్టి సాఫ్ట్‌వేర్ పక్కపక్క ఫ్రేముల్ని కలిపి మధ్యవి అల్లుతుంది. కదలిక బ్లర్ అయితే మొదటి చోటు నుంచి చివరి చోటు దాకా తెగని చార ఉంటుంది. కలిపిన ఫ్రేములో రెండు చేతులుంటాయి, నడుమ ఖాళీ. క్లిప్ సెట్టింగ్‌లో ఫ్రేమ్ బ్లెండింగ్ తీసేసి మళ్లీ ఎగుమతి చేయండి, లేదా అసలు ముక్కలోంచే స్టిల్ తీయండి.

---

కొర్లగుంట_గేటు | సాయంత్రం 4:50

వీడియో వచ్చింది సార్, 9 సెకన్లు. మసక వీడియోలో కూడా ఉంది, వ్యానుతో పాటే నడుస్తోంది. ప్లేయర్‌లో ఆపి స్క్రీన్‌షాట్లు తీయమంటారా?

---

ఫ్రేమ్_గుమాస్తా | సాయంత్రం 5:10

స్క్రీన్‌షాట్ వద్దు. ప్లేయర్ తెర సైజుకి తగ్గట్టు బొమ్మను సాగదీస్తుంది, ఆ సాగదీతే కొంత బ్లర్ చేరుస్తుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఉన్న ఫ్రేములు ఉన్నట్టు తీయండి:

```
ffmpeg -i van.mp4 -map 0:v:0 -fps_mode passthrough f_%04d.png
```

పాత వెర్షన్ అయితే `-fps_mode passthrough` బదులు `-vsync 0` రాయాలి. ఆ తర్వాత ఫ్రేముల సమయాలు చూడండి:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries frame=pts_time,pict_type -of csv=p=0 van.mp4
```

25 ఫ్రేముల వీడియో అయితే సమయం 0.04 చొప్పున పెరగాలి. ఎక్కడైనా 0.08 ఉంటే అక్కడ ఒక ఫ్రేము జారిపోయింది, ఆ జంటని కొలతకు వాడొద్దు.

ఇక కొలవాల్సినవి రెండే. మొదటిది, వ్యాను మీద ఒక గుర్తు, ఉదాహరణకు తలుపు పిడి ముందు కొన, ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకి ఎన్ని పిక్సెళ్లు జరిగింది. రెండోది, అదే ఫ్రేములో అదే గుర్తు దగ్గర నిలువు అంచు ఎన్ని పిక్సెళ్లు చెదిరింది. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే షట్టర్ ఒక ఫ్రేము సమయంలో ఎంత వంతు తెరిచి ఉందో వస్తుంది. సగం వస్తే, 25 ఫ్రేముల్లో షట్టర్ 1/50 సెకను అన్నమాట. ఆ వంతు ఆ ఫ్రేములో కదులుతున్న ప్రతిదానికీ ఒకటే ఉండాలి. వ్యానుకీ అంతే, పక్కన పోయే మోటార్ సైకిలుకీ అంతే. వేగం వేరైతే చార పొడవు వేరవుతుంది, వంతు మారదు. పైగా అది ఒకటి దాటకూడదు. ఒక ఫ్రేములో జరిగిన దూరం కన్నా పొడుగ్గా చార రావడానికి షట్టర్‌కి సమయమే లేదు.

అంచు కొలవడానికి ఇమేజ్‌జే వాడండి, ఉచితం. అంచుకి అడ్డంగా గీత గీసి `Analyze > Plot Profile` నొక్కితే వెలుతురు ఎలా మారుతోందో గ్రాఫ్ వస్తుంది. ఎక్కడ వాలడం మొదలై ఎక్కడ ఆగిందో చూసి, నడుమ దూరం రాసుకోండి. అంచు బదులు సన్న మెరుపు కొలిచేట్టయితే దాని సొంత వెడల్పు తీసేయాలి. 3 పిక్సెళ్ల మెరుపు 20 పిక్సెళ్లు చెదిరితే చార 23 ఉంటుంది.

---

కొర్లగుంట_గేటు | రాత్రి 8:25

సమయాలు అన్నీ 0.04 తేడాతోనే ఉన్నాయి. వ్యాను ఏ ఫ్రేములోనూ నిలబడలేదు, ప్రతిదాంట్లో కదిలింది.

ముందు చక్రం ఇరుసు ఫ్రేముకి 40 పిక్సెళ్లు జరుగుతోంది. తలుపు స్తంభం అంచు 20 చెదిరింది, సగం. కానీ వెనక డోరు అంచు 17 మాత్రమే వచ్చింది. 40తో భాగిస్తే 0.43. రెండోసారి కొలిచినా అంతే. అంటే వ్యాను వెనక భాగం కూడా మార్చారా?

---

ఫ్రేమ్_గుమాస్తా | రాత్రి 8:41

లేదు, భాగహారంలో పొరపాటు. వెనక అంచు చెదురుని ముందు చక్రం జరిగిన దూరంతో భాగించారు. వ్యాను కొంచెం తిరుగుతోంది గానీ, వెనక భాగం కెమెరాకి దూరంగా గానీ ఉంటుంది. అప్పుడు వెనక భాగం తెర మీద తక్కువ జరుగుతుంది. ఏ చోట చెదురు కొలిచారో అదే చోటు ఎంత జరిగిందో కొలవాలి.

---

కొర్లగుంట_గేటు | రాత్రి 9:02

అవును సార్, వెనక అంచు ఫ్రేముకి 34 జరుగుతోంది. 17 బై 34, సగం. పక్కన పోతున్న మోటార్ సైకిల్ 62 జరిగింది, 31 చెదిరింది. అదీ సగమే. ఒకాయన నడిచిపోతున్నాడు, ఆయన కాలికి మాత్రం 0.6, ఒక్కోసారి 0.7 వస్తోంది.

మసక చోట అంచే దొరకడం లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకి కరగడానికి అడ్డంగా 45 దాకా పడుతోంది, నిలువుగానూ అంతే.

---

ఫ్రేమ్_గుమాస్తా | రాత్రి 9:20

నడిచే కాలు ఒక వేగంతో పోదు, ఊగుతుంది. షట్టర్ తెరిచిన క్షణంలో కాలు జోరు మీదుంటే వంతు పెరుగుతుంది, అడుగు పడే వేళ అయితే తగ్గుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 0.7 దాకా రావడానికి అదొక్కటే కారణమా అన్నది మాత్రం ఆ ఫ్రేములు చూడకుండా ఖాయంగా అనలేను.

మిగతా మూడు కొలతలూ సగమే అన్నాయి కాబట్టి షట్టర్ 1/50. ఇప్పుడు మసక చోటు సంగతి. ఫ్రేముకి 40 జరిగే రేకు మీద 45 పిక్సెళ్ల చెదురు ఉంది. వంతు ఒకటి దాటింది. అలిపిరి అన్న చెప్పిన సాగదీసిన షట్టర్ అయితే తలుపు స్తంభం కూడా అలాగే చెదరాలి, ఫ్రేములు నిలబడి గెంతాలి. రెండూ లేవు. వ్యానుతో నడుస్తోంది కాబట్టి డీవీఆర్ మాస్కూ కాదు. పైగా అడ్డంగా ఎంతో నిలువుగానూ అంతే. ఆ గ్రాఫ్ గీత ఆకారం చూశారా? నున్నగా వంకర తిరిగిందా, వాలుబల్లలా తిన్నగా దిగిందా?

---

కొర్లగుంట_గేటు | రాత్రి 9:33

తలుపు స్తంభం దగ్గర వాలుబల్లే, రెండు కొసల్లో మూల తిరిగినట్టుంది. మసక చోట పాము వంపు, ఎక్కడ మొదలైందో చెప్పలేనంత మెత్తగా.

---

ఫ్రేమ్_గుమాస్తా | రాత్రి 9:45

సరిగ్గా అదే తేడా. నిలకడ వేగంతో పోయే అంచు షట్టర్ తెరిచినంతసేపు ప్రతి పిక్సెల్ మీదా సమానంగా గడుపుతుంది కాబట్టి వెలుతురు సుమారు ఒకే వాలుతో దిగుతుంది, షట్టర్ మూసిన చోట టక్కున ఆగుతుంది. ఫోన్ యాప్‌లలో వేలితో పూసే మామూలు బ్లర్ నడుమ గట్టిగా, అంచుల్లో పలచగా కలుపుతుంది. అందుకే ఆ పాము వంపు. ఫోకస్ తప్పిన బొమ్మలో కూడా ఇలాంటి వంపు వస్తుంది, కానీ ఒకే రేకు మీద పిడి ఫోకస్‌లో ఉండి పక్కనే అక్షరాలు తప్పవు.

ఇంకొకటి చూడండి. వ్యాను ఫ్రేములోకి అడుగుపెట్టే మొదటి ఫ్రేముల్లో మసక ఉందా? చేత్తో కదిలించిన బ్లర్‌ని బండి వెనకాలే నడపాలి, ఆరంభంలో చాలామంది ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యం చేస్తారు.

---

చిత్తూరు_మామిడి | రాత్రి 10:05

గ్రెయిన్ విషయంలో తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. ఒక ప్రశ్న. పూసేవాడు తెలివైనవాడై, గుండ్రటి బ్లర్ కాకుండా మోషన్ బ్లర్ ఫిల్టరే తీసుకుని సున్నా డిగ్రీలు, 20 పిక్సెళ్లు ఇస్తే? అప్పుడు పట్టీ మిగులుతుంది, వాలుబల్ల వస్తుంది, వంతు సగం వస్తుంది. మరి ఎలా పట్టుకుంటారు?

---

ఫ్రేమ్_గుమాస్తా | రాత్రి 10:30

మంచి ప్రశ్న. అప్పుడు మెరుపులు చూడాలి. వ్యాను మీద ఎండ తగిలి క్రోమ్ ముక్క తళుక్కుమంటుంది. ఆ మెరుపు అసలు వెలుతురు తెల్ల రేకు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కెమెరా వెలుతురుని 0 నుంచి 255 దాకా అంకెల్లోనే రాస్తుంది, అంతకు మించినదాన్ని 255 దగ్గర కోసేస్తుంది గానీ, నిజమైన కదలికలో కోత పడేలోపే ఆ వెలుతురు 20 పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది. పరుచుకున్నాక కూడా ప్రతి పిక్సెల్ నిండిపోయేంత మిగులుతుంది. కాబట్టి చార పొడుగునా తెల్లగా ఉంటుంది.

ఫిల్టర్‌కి ఆ అసలు వెలుతురు తెలియదు, దానికి దొరికింది కోసిన 255 మాత్రమే. 110 ఉన్న రేకు మీద 3 పిక్సెళ్ల మెరుపు ఉందనుకోండి. 20 పిక్సెళ్ల మీద సగటు తీస్తే 110కి 145 గుణించు 3 బై 20 కలుపుతాం, సుమారు 132. అంటే తెల్ల చార రావలసిన చోట కొంచెం లేత బూడిద వస్తుంది. పూసిన చోటులో మెరుపు వెలిసిపోయి, పక్కనే అలాంటి మెరుపు పూర్తి తెల్లగా ఉంటే అది గట్టి గుర్తు.

మెరుపే లేని సాదా రేకు మీద, కొలిచి మరీ అదే దిక్కులో అదే పొడవు ఇస్తే, వాట్సాప్ కుదింపు తర్వాత ఒక్క స్టిల్‌తో పట్టుకోవడం నా వల్ల కాదు. పక్క ఫ్రేములు ఉంటేనే.

---

కలంకారి_కలం | రాత్రి 10:48

రాత్రి వీడియోల్లో ఇంకో గుర్తు కనబడుతుంది. ఎల్‌ఈడీ సీరియల్ లైట్లు ఊరేగింపులో కదిలితే చార తెగి తెగి పూసల దండలా వస్తుంది. పూసిన బ్లర్‌లో అలా రావడం నేను చూడలేదు, అతుకు లేని చారే వస్తుంది.

---

ఫ్రేమ్_గుమాస్తా | రాత్రి 10:57

అవునక్కా, బాగా పట్టారు. మన కరెంటు 50 హెర్ట్జ్, సాదా ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు ఆరి వెలుగుతుంది. షట్టర్ 1/25 అయితే చారలో 4 పూసలు, 1/50 అయితే 2. కరెంటుని నిలకడగా ఇచ్చే మంచి డ్రైవర్ సర్క్యూట్ ఉన్న లైట్లు మినుకుమనవు కాబట్టి పూసలు లేనంత మాత్రాన దొంగ చార అనకూడదు. పూసలుంటే మాత్రం ఆ చార కెమెరాలో పుట్టిందని నమ్మొచ్చు.

---

కొర్లగుంట_గేటు | ఆదివారం, ఉదయం 7:15

దొరికింది సార్. వ్యాను 9వ ఫ్రేములో లోపలికి వచ్చింది. 14, 15, 16 ఫ్రేముల్లో అక్షరాల కొస కనబడుతోంది, మసక లేదు. 17 నుంచి మసక మొదలు.

16లో అక్షరాలు చెదిరే ఉన్నాయి, కానీ వేరే రకంగా. నిలువు గీతలన్నీ కలిసిపోయి బూడిద పట్టీలా అయ్యాయి. పై అంచు, కింది అంచు మాత్రం 2, 3 పిక్సెళ్లలోనే తెగుతున్నాయి. లోపల అక్కడక్కడ అడ్డంగా పోయే ముక్కలు నల్లగా మిగిలాయి. రబ్బరు పట్టీ పూర్తిగా ఉంది, బురద లేదు. తర్వాతి ఫ్రేములో అదే చోట పట్టీ లేదు, అంచుల్లేవు.

మసక నడక కూడా కొలిచాను. పిడి వరసగా 40, 40, 40, 40 జరిగింది. మసక నడిమి చోటు 40, 33, 47, 40.

---

ఫ్రేమ్_గుమాస్తా | ఉదయం 7:50

మెత్తటి మసక నడిమి కొలతలో మూడు పిక్సెళ్ల తేడా ఎటైనా రావచ్చు. కానీ ఒక ఫ్రేములో 7 వెనకబడి, తర్వాతి ఫ్రేములో సరిగ్గా ఆ 7 అందుకుంది. రేకు మీద రాసిన అక్షరాలు పిడి నుంచి వెనకబడవు. అది వ్యాను మీద ఉన్నది కాదు, బొమ్మ మీద పెట్టింది.

16వ ఫ్రేమునీ 17వ ఫ్రేమునీ పక్కపక్కన పెట్టి దాచుకోండి. అవే అక్షరాలు, అదే వేగం, అదే షట్టర్. మధ్యలో 0.04 సెకను. ఒకదాంట్లో అడ్డగీతలు బతికున్నాయి, రెండోదాంట్లో అన్నీ కరిగాయి. ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. పెద్దది చేసి చూపించాలంటే ఇలా, పిక్సెళ్లు అలాగే గళ్లుగా కనబడతాయి:

```
ffmpeg -i f_0016.png -vf "crop=320:120:0:480,scale=iw*4:ih*4:flags=neighbor" f16_x4.png
```

క్రాప్‌లో చివరి రెండు అంకెలు మీ ఫ్రేములో ఆ చోటుకి తగ్గట్టు మార్చుకోండి. 17కి కూడా అవే అంకెలు ఇవ్వాలి.

వ్యాను చక్రాలు కూడా ఒకసారి చూడండి. దొర్లే చక్రంలో నేలను తాకే చోటు ఆ క్షణానికి కదలదు, పై అంచు బండికి రెండింతల వేగంతో పోతుంది. కింద పదును, ఇరుసు దగ్గర 20, పైన 40 ఉండాలి. అలా ఉంటే వ్యాను మొత్తాన్ని ఎవరూ ముట్టుకోలేదనడానికి అదొక ఆసరా.

---

కొర్లగుంట_గేటు | ఉదయం 8:20

చక్రాలు మీరన్నట్టే ఉన్నాయి. కింద మట్టి మరక కూడా కనబడుతోంది, పైన మాత్రం వలయంలా అలికింది.

---

పీలేరు_పిట్ట | ఉదయం 8:34

16వ ఫ్రేములో అడ్డంగా పోయే ముక్కలు మిగిలాయంటే చివరి అక్షరం "స్" అయ్యుంటుంది అన్నా. ట్రావెల్స్ కదా.

---

ఫ్రేమ్_గుమాస్తా | ఉదయం 8:50

వ్యాను కుడికి పోతోంది కాబట్టి ముందు లోపలికి వచ్చేవి పేరు చివరి అక్షరాలే, అంతవరకు నిజం. కానీ నిలువు గీతలన్నీ పోయాక తెలుగులో సగం అక్షరాలు ఒకేలా కనబడతాయి. అక్షరం 20 పిక్సెళ్లు చెదిరితే వరస ఎత్తు, అడ్డగీతలు ఎన్ని ఉన్నాయి, ఇంతే మిగిలేది. ఏదైనా ఒక బండి దొరికినప్పుడు దానిమీది పేరుని 20 పిక్సెళ్లు అడ్డంగా చెదరగొట్టి, 16వ ఫ్రేముతో సరిపోతుందో లేదో చూడొచ్చు. వెనక్కి చదవడం కుదరదు.

---

చిత్తూరు_మామిడి | ఉదయం 9:05

మసక పెట్టారని తేలింది, సరే. పేరు మార్చి ఆపైన మసక పెట్టారా, ఉన్న పేరునే కప్పారా? నాకైతే మార్చి ఉంటారనే అనిపిస్తోంది, లేకపోతే అంత మందంగా ఎందుకు పూస్తారు?

---

ఫ్రేమ్_గుమాస్తా | ఉదయం 9:18

ఈ ఫైలు దానికి జవాబు చెప్పదు. 45 పిక్సెళ్ల బ్లర్ కింద ఏ పేరున్నా ఒకేలా కనబడుతుంది. కొందరు గొడవ తమ మీదికి రాకుండా మంచికే కప్పి పంపుతారు కూడా. కొట్టాయన కప్పారా, మధ్యలో పంపినవాళ్లు కప్పారా అన్నదీ ఇందులో లేదు. డీవీఆర్‌లో ఉన్నదే చూడాలి.

---

అలిపిరి_మెట్లు | ఉదయం 9:40

బేగి పోండి సామీ. డీవీఆర్ డిస్క్ నిండినాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటా పోతాది. కెమెరాలు నాలుగుండి డిస్క్ చిన్నదైతే వారం కూడా నిలవదు. పెన్‌డ్రైవ్ పెట్టి బ్యాకప్ మెనూలో శుక్రవారం 7:20 నుంచి 7:40 దాకా ఎంచుకోండి. గుద్దిన క్షణం ఒక్కటే తీసుకోవద్దు. ఫార్మాట్ అడిగితే ఎంపీ4 కాకుండా దాని సొంత ఫార్మాట్ కూడా తీయండి, దాంతో పాటు ప్లేయర్ వస్తాది. ఫోన్‌తో టీవీ తెరను వీడియో తీసుకురావద్దండి, అట్లా తెస్తే ఈ కొలతలు ఏవీ నిలవవు.

తీసిన వెంటనే కొట్టాయన ముందరే హ్యాష్, అంటే ఫైలు తర్వాత మారిందో లేదో చెప్పే గుర్తు, తీసి రాసుకోండి. విండోస్‌లో ఇది చాలు:

```
certutil -hashfile D:\video.mp4 SHA256
```

స్టేషన్‌కి పోతే అదే అడుగుతారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ రాయాల. ఆ డీవీఆర్ ఎవరి చేతుల్లో ఉంటే వాళ్లు సంతకం పెట్టాల, మీరు కాదు.

---

కొర్లగుంట_గేటు | ఉదయం 10:10

కొట్టాయనతో మాట్లాడాను. మసక సంగతి తనకి తెలియదన్నారు, వీడియో వాళ్ల అబ్బాయి ఫోన్ నుంచి వెళ్లిందట. సాయంత్రం ఐదింటికి రమ్మన్నారు. పెన్‌డ్రైవ్, లాప్‌టాప్ తీసుకెళ్తున్నాను. ఇంకేమైనా చూసుకోవాలా?

---

ఫ్రేమ్_గుమాస్తా | ఉదయం 10:22

డీవీఆర్ గడియారం. చాలా చోట్ల అది ముందో వెనకో ఉంటుంది. తెర మీద డీవీఆర్ సమయం, పక్కనే మీ ఫోన్ సమయం, రెండూ ఒకే ఫొటోలో పడేట్టు తీయండి. తేడా ఎంతో తెలియకుండా 7:20 నుంచి 7:40 తీస్తే వ్యాను అందులో ఉండకపోవచ్చు. బ్యాకప్ అయ్యాక అక్కడే తెరిచి, వ్యాను కనబడే చోట, మన క్లిప్‌లో 17వ ఫ్రేముకి సరిపోయే క్షణం దాకా ఆపి ఆపి చూసి మరీ రండి.